దించాక కూడా వేగుతాయి: వేరుశనగ, జీడిపప్పు ఓవెన్‌లో, మూకుడులో వేయించే పద్ధతి

బరంపురంలో మా ఇంటికి సంక్రాంతికి ముందు రెండు సంచులు చేరతాయి. ఒకటి బజారు నుంచి తెచ్చిన కొత్త వేరుశనగ గింజలు. ఇక్కడి అంగడిలో వీటిని చినాబాదం అని అడిగినా ఇస్తారు, పల్లీలు అని అడిగినా ఇస్తారు. రెండోది ఇచ్ఛాపురం దాటాక వచ్చే పలాస నుంచి చుట్టాలు పంపే జీడిపప్పు. ఆ వారమంతా మా వంటింట్లో వేయింపులే.

ఒక ఏడాది అర కిలో వేరుశనగ గింజలను ఓవెన్‌లో 160 డిగ్రీల వేడిలో పెట్టాను. పదిహేడో నిమిషంలో కరెంటు పోయింది. రెండు గింజలు తీసి చీల్చి చూశాను. లోపల మీగడ రంగే ఉంది, పచ్చి వాసన ఇంకా పూర్తిగా పోలేదు. కరెంటు వచ్చాక మిగతా నాలుగైదు నిమిషాలు పెట్టవచ్చులే అనుకుని తలుపు మూసేసి వేరే పనిలో పడ్డాను. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. తలుపు తీస్తే పచ్చివనుకున్న గింజలు నేను కోరుకున్న రంగును దాటిపోయి ఉన్నాయి. పొడికి పనికొచ్చాయి గానీ, పట్టీకి పనికిరాలేదు. అప్పటిదాకా నేను వేయింపు అంటే మంట ఉన్నంతసేపు జరిగే పని అనుకునేదాన్ని. గింజకు మంటతో పని లేదు. దానిలో వేడి ఉన్నంతసేపు అది వేగుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు దీన్ని నిలవ వేడి అంటాం. ఈ వ్యాసమంతా ఆ నిలవ వేడిని లెక్కలో పెట్టుకుని ఎప్పుడు దించాలో చెప్పడానికే.

గింజ లోపల ఏం జరుగుతుంది

వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె. దానితో పాటు మాంసకృత్తులు, కొంచెం చక్కెర, కొంత తేమ ఉంటాయి. వేడి మొదట తేమ మీద పని చేస్తుంది. నీరు ఆవిరై పోతున్నంతసేపు గింజ లోపలి వేడి పెద్దగా పెరగదు, రంగు కూడా మారదు. అందుకే మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్లే ఉంటుంది. తేమ చాలావరకు పోయాక గింజ వేడి గబగబా పైకి ఎక్కుతుంది. 140 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి చక్కెరలు, మాంసకృత్తులు కలిసి గోధుమ రంగును, కమ్మటి వాసనను పుట్టించడం జోరందుకుంటుంది. అక్కడి నుంచి ప్రతి నిమిషమూ ముందటి నిమిషం కంటే ఎక్కువ రంగు తెస్తుంది. అంటే మనం దించే సమయానికి గింజ తన అత్యంత వేగమైన దశలో ఉంటుంది. దించిన వెంటనే ఆ వేగం ఆగదు. గింజ 120, 110 డిగ్రీలకు దిగేదాకా కొంత కొంత రంగు పెరుగుతూనే ఉంటుంది. ఆ దిగడానికి ఒక నిమిషం పడుతుందా, పదిహేను నిమిషాలు పడుతుందా అన్నది మనం దించి ఎక్కడ పోశామన్న దాని మీద ఉంటుంది.

ఇంకొక చిక్కు ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. వేడి మీద గింజ మెత్తగానే ఉంటుంది. చల్లారాకే కరకరలాడుతుంది. వేడిగా ఉన్న గింజను నోట్లో వేసుకుని, ఇంకా కరకరలాడడం లేదని మళ్లీ పొయ్యి మీద పెడితే మాడ్చుకున్నట్లే. గింజలను రుచి చూడాలంటే రెండు తీసి చల్లటి స్టీలు పళ్లెంలో వేసి, ఒక నిమిషం ఊది, అప్పుడు కొరకాలి.

ముందు గింజలు చూసుకోండి

ఒకే పరిమాణంలో ఉన్న గింజలు ఒకేసారి వేగుతాయి. చిన్నవి, పగిలినవి, బద్దలు ముందే వేగి మాడతాయి. అందుకని చేటలో చెరిగి విరుగుళ్లను వేరుగా పెట్టుకోండి. వాటిని తర్వాత మూకుడులో వేయించి పొడికి వాడుకోవచ్చు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఉంటే పారేయండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. వేరుశనగ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇంటి వేయింపు దాన్ని పూర్తిగా పోగొట్టలేదు.

గోపాలపురం సముద్రం పక్కనే ఉండడంతో వానాకాలంలో ఇక్కడ గింజలు తేమ పట్టి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే చల్లగా, నొక్కితే కొంచెం వంగినట్లు ఉంటాయి. అలాంటివి రెండు గంటలు ఎండలో ఆరబెట్టి వాడండి. ఎండ లేకపోతే ఓవెన్‌ను 100 డిగ్రీల దగ్గర పెట్టి పదిహేను నిమిషాలు ఉంచండి. తేమ ఉన్న గింజలకూ ఎండినవాటికీ వేయించే సమయంలో నాలుగైదు నిమిషాల తేడా వస్తుంది. ఎవరో చెప్పిన నిమిషాలు మన గింజలకు సరిపోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఓవెన్‌లో అర కిలో వేరుశనగ

ఓవెన్‌ను 160 డిగ్రీలకు పెట్టి, కింది కడ్డీ, పై కడ్డీ రెండూ వేడెక్కేలా చూసి, కనీసం పది నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. ఇంటి ఓవెన్ల మీద రాసి ఉన్న అంకెకూ లోపలి అసలు వేడికీ పదిహేను, ఇరవై డిగ్రీల తేడా ఉండడం మామూలే. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఈ బెడద పోతుంది. మా ఓవెన్‌లో 160 పెడితే లోపల 172 చూపిస్తుంది. అందుకని నేను తిప్పే అంకె 150.

ట్రేలో గింజలను ఒకే వరుసగా పరవండి. ఒకదాని మీద ఒకటి ఉంటే కిందివి ఉడికినట్లవుతాయి, పైవి వేగుతాయి. మామూలు ఇంటి ఓవెన్ ట్రేకు అర కిలో సరిపోతుంది. నూనె అవసరం లేదు. ట్రేను మధ్య అరలో పెట్టండి.

ఐదో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో ఒకసారి ట్రేను బయటికి లాగి గింజలను కలిపి, ట్రేను వెనకది ముందుకు తిప్పి పెట్టండి. ఓవెన్ వెనక గోడ దగ్గర వేడి ఎక్కువగా ఉంటుంది. పదో నిమిషానికి వచ్చే వాసన పచ్చి చిక్కుడు గింజలు ఉడికినట్లుగా ఉంటుంది. అది తేమ పోతున్న వాసన, కంగారు పడనక్కరలేదు. పదమూడు, పద్నాలుగో నిమిషంలో చిటపటలు మొదలవుతాయి. అక్కడి నుంచి ఓవెన్ దగ్గర నుంచి కదలకండి. పదిహేనో నిమిషం నుంచి రెండు నిమిషాలకు ఒకసారి ట్రేను లాగి ఒక గింజ తీసి చూడండి.

ఇక్కడ చూడవలసింది పొట్టు రంగు కాదు. పొట్టు ఎర్రగా ఉన్న గింజలో వేగిన రంగు పైకి కనిపించదు. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి నలిపితే పొట్టు పొడిగా విడిపోవాలి. రెండు బద్దలుగా చీల్చి లోపలి వైపు చూడాలి. పచ్చి గింజ లోపల తెల్లగా, కొంచెం నీటి మెరుపుతో ఉంటుంది. వేగుతుంటే ఆ మెరుపు పోయి దంతపు రంగుకు, తర్వాత మీగడ రంగుకు, తర్వాత లేత తేనె రంగుకు వస్తుంది. మీకు చివరికి తేనె రంగు కావాలంటే, మీగడ రంగు మీద అంచుల్లో తేనె ఛాయ కనిపించగానే తీసేయాలి. అంటే కోరుకున్న రంగుకు ఒక మెట్టు ముందే. మా గింజలకు ఇది పంతొమ్మిది, ఇరవై నిమిషాల మధ్య వస్తుంది.

చిటపటలు తగ్గిపోతూ, కమ్మటి వాసనలో కొంచెం ఘాటు తగిలితే ఆలస్యమైనట్లే. అప్పుడు రంగు చూస్తూ నిలబడకుండా వెంటనే దించండి.

దించిన తర్వాతి పది నిమిషాలు

కరెంటు పోయిన రోజు తర్వాత నేను ఒక పరీక్ష చేశాను. అర కిలో గింజలను ఇరవయ్యో నిమిషంలో తీసి రెండు సగాలు చేశాను. ఒక సగాన్ని పెద్ద స్టీలు పళ్లేల్లో పలచగా పరచి ఫ్యాను కింద పెట్టాను. రెండో సగాన్ని లోతైన గిన్నెలో కుప్పగా పోశాను. రెండూ ఒకే ట్రే నుంచి, ఒకే నిమిషంలో తీసినవే.

ఐదు నిమిషాలకు పళ్లెంలోవి చేత్తో పట్టుకునేంత చల్లబడ్డాయి. గిన్నె మధ్యలో వేలు పెట్టలేకపోయాను. పావుగంట తర్వాత రెండిట్లోనూ పది గింజలు తీసి చీల్చి తెల్ల కాగితం మీద వరుసగా పేర్చాను. పళ్లెంలోవన్నీ లేత తేనె రంగులో ఉన్నాయి. గిన్నెలో పైన ఉన్నవి వాటి లాగానే ఉన్నాయి. మధ్యలోంచి తీసినవి మాత్రం మరొక మెట్టు ముదిరి, చీల్చిన చోట మధ్యన గోధుమ రంగు గీత కనబడింది. కొరికితే చివర్లో సన్నని చేదు. ఒకే గిన్నెలో రెండు రకాల గింజలు తయారయ్యాయి. మంట ఆపాక వచ్చిన తేడా అంతా ఇదే.

కారణం తేలికైనదే. కుప్ప మధ్యలో ఉన్న గింజకు నాలుగు వైపులా తన లాంటి వేడి గింజలే ఉంటాయి. దాని వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. పలచగా పరిస్తే ప్రతి గింజకూ గాలి తగులుతుంది. అందుకని ఓవెన్ తలుపు తీయకముందే రెండు వెడల్పాటి పళ్లేలు సిద్ధంగా పెట్టుకోండి. గింజలను వేడి ట్రేలోనే వదిలేయవద్దు. ఆ ఇనుప రేకు ఇంకో నాలుగైదు నిమిషాలు పొయ్యి పనే చేస్తుంది. వెదురు చేట, గోనె పట్టా మీద పోయవచ్చు గానీ అవి వేడిని లాక్కోలేవు. చల్లటి స్టీలు పళ్లెమే మేలు.

జీడిపప్పుకు లెక్క వేరు

జీడిపప్పు మన చేతికి వచ్చేసరికే ఒకసారి వేడి చూసి ఉంటుంది. జీడిగింజ డొల్లలో చర్మాన్ని కాల్చే రసం ఉంటుంది. దాన్ని వదిలించడానికి కార్ఖానాల్లో గింజలను ఆవిరి పట్టించో, వేయించో పగలగొడతారు. ఆపై పప్పును ఆరబెట్టి పొర తీస్తారు. కాబట్టి దుకాణంలో పచ్చి జీడిపప్పు అని అమ్మేది నిజానికి పచ్చిది కాదు. తేమ తక్కువ, రక్షణగా పొట్టు లేదు, పైగా వేరుశనగ కంటే చక్కెర, పిండి పదార్థం ఎక్కువ. ఈ మూడూ కలిసి దాన్ని త్వరగా ఎర్రబరుస్తాయి. వేరుశనగకు పట్టే సమయంలో సగానికి కొంచెం ఎక్కువైతే చాలు.

ఓవెన్‌ను 150 డిగ్రీలకు దించండి. గుండ్లు ఒక ట్రేలో, బద్దలు మరొక ట్రేలో పెట్టండి. రెండూ కలిపి పెడితే గుండ్లు వేగేలోపు బద్దలు మాడతాయి. పావు కిలో గుండ్లకు పది నుంచి పదమూడు నిమిషాలు పడుతుంది. బద్దలకు ఏడెనిమిది నిమిషాలు. నాలుగు నిమిషాలకు ఒకసారి కలపండి.

జీడిపప్పు వంకరగా ఉంటుంది కదా, దాని రెండు కొసలూ సన్నగా ఉండి ముందు ఎర్రబడతాయి. నేను కొసల కేసే చూస్తాను. కొసలు లేత బంగారు రంగుకు వచ్చి, నడుము ఇంకా గడ్డి రంగులో ఉండగానే తీసేస్తాను. పళ్లెంలో పరచిన మూడు నాలుగు నిమిషాల్లో నడుము కూడా కొసలను అందుకుంటుంది. ఓవెన్‌లో ఉండగానే నడుము బంగారు రంగుకు వచ్చిందంటే, చల్లారేసరికి కొసలు గోధుమ రంగు దాటుతాయి.

మూకుడులో వేయించడం

ఓవెన్‌లో వేడి గాలి గింజను అన్ని వైపుల నుంచీ చుట్టుకుంటుంది. మూకుడులో గింజకు వేడి తగిలేది అది ఇనుమును తాకిన చోటే. ఇనుము గింజ కంటే చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది. అందుకే మూకుడు గింజల మీద నల్లటి మచ్చలు పడతాయి, లోపల పచ్చిగా ఉండగానే. దీనికి మందు రెండే: సెగ తగ్గించడం, చెయ్యి ఆపకుండా కలపడం.

పావు కిలో వేరుశనగకు మందపాటి వెడల్పు మూకుడు తీసుకోండి. మధ్యస్థ సెగ మీద రెండు నిమిషాలు వేడెక్కాక గింజలు వేసి, సెగను చిన్నదానికీ మధ్యస్థానికీ నడుమ పెట్టండి. మూకుడు అడుగున గింజలు రెండు వరుసలకు మించకూడదు. ఎక్కువ ఉంటే రెండు విడతలు చేయండి. చదునైన గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉండండి. పది నుంచి పన్నెండు నిమిషాల్లో చిటపటలు వచ్చి, పొట్టు రాలడం మొదలవుతుంది. రాలిన పొట్టు అడుగున చేరి మాడి కమరు వాసన పట్టిస్తుంది. మధ్యలో ఒకసారి గింజలను చేటలో పోసి పొట్టు చెరిగి మళ్లీ వేయడం మా అత్తగారి అలవాటు. ఆవిడది పర్లాకిమిడి.

"అమ్మాయీ, నువ్వు గింజలను చూస్తున్నావు గానీ మూకుడును చూడడం లేదు. మంట ఆపినా మూకుడు ఆగదు" అని ఆవిడ నాతో అన్న రోజు నాకు బాగా గుర్తు. మందపాటి ఇనుప మూకుడు పొయ్యి ఆపాక కూడా మూడు నాలుగు నిమిషాలు గింజలను వేయిస్తుంది. కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి, కావలసిన రంగుకు ఒక మెట్టు ముందు గింజలను పళ్లెంలోకి ఒంపేయడం. రెండోది, ఇంకా ముందే, అంటే రెండు మెట్లు ముందు పొయ్యి ఆపి, మూకుడులోనే మూడు నిమిషాలు కలుపుతూ ఉండి తర్వాత ఒంపడం. అత్తగారు రెండోదే చేసేవారు. గింజ లోపలి దాకా సమంగా వేగడానికి అది నిజంగా బాగుంటుంది. పలుచటి అల్యూమినియం మూకుడులో ఇది కుదరదు, దానికి వేడిని నిలిపే శక్తి లేదు.

బజారులో బండి మీద వేయించేవారు ఇసుకలో వేయించడం చూసే ఉంటారు. వేడి ఇసుక గింజను అన్ని వైపులా కప్పి, మూకుడు చేయలేని ఓవెన్ పని చేస్తుంది. ఇంట్లో ఇసుకకు బదులు రాళ్లుప్పు వాడవచ్చు. పావు కిలో గింజలకు పావు కిలో ఉప్పు వేడి చేసి, అందులో గింజలు వేసి తిప్పి, అయ్యాక జల్లెడలో పోస్తే ఉప్పు కిందికి దిగుతుంది. వేడి ఉప్పుతో పాటు గింజలను వదిలేస్తే మాత్రం నిలవ వేడి రెట్టింపవుతుంది. జల్లెడ ముందే చేతికి అందేలా ఉండాలి.

జీడిపప్పును నెయ్యిలో వేయించేటప్పుడు నిలవ వేడి అన్నిటికన్నా మొండిది. పులిహోరకు, పాయసానికి రెండు చెంచాల నెయ్యిలో గుప్పెడు పప్పు వేస్తాం. అవి లేత గడ్డి రంగుకు రాగానే చిల్లుల గరిటెతో తీసేయాలి. అంటుకున్న నెయ్యి పళ్లెంలో కూడా వాటిని వేయిస్తూనే ఉంటుంది. బంగారు రంగు చూసి దించితే పాయసంలో తేలేది గోధుమ రంగు పప్పే.

ఏది మేలని అడిగితే నా మాట ఇది: పావు కిలో లోపు వేరుశనగకు మూకుడు, అంతకు మించితే ఓవెన్. గుండు జీడిపప్పును పొడిగా వేయించాలంటే ఎంత తక్కువైనా ఓవెన్‌లోనే. వంకర పప్పు మూకుడును రెండు చోట్లే తాకుతుంది. ఎంత కలిపినా మచ్చలు తప్పవు.

పట్టీకి, పాకానికి ఇంకొక మెట్టు ముందు

పట్టీ కోసం వేయించే గింజలు ఇంకొకసారి వేడి చూస్తాయి. విరిగేలా గట్టిపడే బెల్లం పాకం 140 డిగ్రీలు దాటుతుంది. అందులో వేసిన గింజలు పాకం చల్లారేదాకా వేగుతూనే ఉంటాయి. అందుకని పట్టీకి వేరుశనగను దంతపు రంగు దాటి మీగడ రంగుకు రాగానే, తేనె ఛాయ రాకముందే దించండి. మా ఓవెన్‌లో అది పదిహేడో నిమిషం. జీడిపప్పు పాకానికైతే కొసలకు రంగు వచ్చీ రానట్లు ఉండగానే తీయండి.

డబ్బాలో పోయడం

గింజలు పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి సాయంత్రానికే మెత్తబడతాయి. వేయించిన గింజలోని నూనె గాలి తగిలితే త్వరగా ముక్క వాసన పడుతుంది. నేను గాజు సీసాల్లో నింపి రెండు వారాల్లో అయ్యేంతే వేయిస్తాను. చెమ్మకు మెత్తబడినవాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు ఉంచి, పరచి చల్లారిస్తే మళ్లీ కరకరలాడతాయి. ఆ వేడిలో తేమ పోతుంది గానీ రంగు దాదాపు మారదు.